తొంభై సెకన్ల సినిమా, డాలస్ బాబాయ్ కోసం

నిశ్చితార్థం కబురు విదేశాల్లోని చుట్టాలకు వీడియోగా పంపాలనుకునే జంటలు ముందు పాట వెతుకుతారు, తర్వాత డ్రోన్ అద్దెకు దొరుకుతుందా అని చూస్తారు. కానీ వీడియో నిలబడేది స్క్రిప్టు మీద. అది జంట ముచ్చట చెబితే సరిపోదు. దూరాన ఉన్న పెదనాన్న, పిన్ని తమ చోటు తాము చూసుకునేలా ఉండాలి.

ఒక జంటను ఊహించుకుందాం. అమ్మాయిది రాజమండ్రి, అబ్బాయిది వరంగల్. చుట్టాలు డాలస్, లండన్, మెల్‌బోర్న్‌లలో ఉన్నారు. తాంబూలాలు డిసెంబర్ 3 ఉదయం 10.15కి. వీడియో తొంభై సెకన్లు దాటకూడదని ముందే అనుకున్నారు. తెలుగులో తీరిగ్గా మాట్లాడితే సెకనుకు రెండు మాటలకు మించి పడవు. సగం సమయం బొమ్మకే వదలాలి కాబట్టి మొత్తం సంభాషణ ఎనభై తొంభై మాటల్లో ముగియాలి. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాసుకుంటే ఎక్కడ మాటలు ఎక్కువయ్యాయో ఇట్టే తెలిసిపోతుంది.

కథను సస్పెన్స్‌గా నడిపారు. మొదటి షాట్ రాజమండ్రి ఇంట్లో. తాతయ్య వేళ్లు మాత్రమే క్లోజప్‌లో, తమలపాకులు లెక్కపెడుతుంటాయి.

"తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..."

"ఎందుకు తాతయ్యా ఇన్ని ఆకులు?"

తాతయ్య గబుక్కున వాటి మీద పేపరు కప్పేస్తాడు. "వార్తలు చదువుకుంటున్నా, వెళ్లు!"

కట్ చేస్తే వరంగల్. అమ్మ పట్టు పంచె ఇస్త్రీ చేస్తుంటుంది.

"ఎవరికమ్మా?"

"మీ నాన్నకు."

వెనక నుంచి లుంగీలో నాన్న వస్తాడు. "నాకా? ఎప్పుడు కొన్నవ్?"

ఇక్కడ ఎవరూ నటించక్కర్లేదు. పెద్దవాళ్లకు డైలాగు బట్టీ పట్టిస్తే కళ్లు కెమెరా వైపు పరుగెడతాయి. సందర్భం చెప్పి, చేతికి పని ఇచ్చి వదిలేస్తే మాట సహజంగా వస్తుంది. ఆ ఇంటి యాసను దిద్దకూడదు. డాలస్‌లో కూర్చున్న బాబాయికి ఊరు గుర్తొచ్చేది ఆ గొంతులోనే.

తర్వాత తెర రెండుగా చీలుతుంది. ఒకవైపు అమ్మాయి, ఒకవైపు అబ్బాయి, ఎటో చూస్తూ. ఇద్దరూ ఒకేసారి తిరిగేసరికి మధ్యలో తాంబూలం పళ్లెం. అక్కడ ముహూర్తం తెర మీద పడుతుంది. ఈ ఆటకు వీడియోను అడ్డంగా తీయాలి. నిలువుగా తీస్తే రెండు సగాలూ ఇరుకైపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది చివరి ఇరవై సెకన్లు. హాల్లో ఖాళీ కుర్చీల వరుస. ఒక్కోదానికి చీటీ: "లండన్ పెదనాన్న", "డాలస్ బాబాయ్", "మెల్‌బోర్న్ పిన్ని". కెమెరా మెల్లగా సాగుతుంటే అమ్మాయి గొంతు: "బాబాయ్, కిటికీ పక్కది నీకే ఆపాను. రాలేకపోతే ఆ కుర్చీలో ఫోన్ పెట్టి లైవ్ పెడతాం. పడుకోకు!" చీటీల జాబితాను రెండు ఇళ్ల అమ్మలకూ చూపించాకే షూటింగ్ పెట్టుకోవాలి. వరుస పెద్ద నుంచి చిన్నకు. ఒక్క పేరు తప్పినా, ఎంత నవ్వించిన వీడియో అయినా మనసు నొప్పించే తీరుతుంది.

తేదీని 3/12 అని వేయకండి. అమెరికాలో పెరిగిన పిల్లలు దాన్ని మార్చి 12గా చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాయాలి. ఆ పిల్లల కోసమే తెలుగు మాటలకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కూడా వేయాలి.

వేళ దగ్గర ఇంకో చిక్కుంది. మన డిసెంబర్ 3 ఉదయం 10.15 అంటే డాలస్‌లో డిసెంబర్ 2 రాత్రి 10.45. అదే సెప్టెంబరులో కూర్చుని అప్పటి తేడాతో లెక్కేస్తే 11.45 వస్తుంది. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి మరి. పాత లెక్క నమ్ముకున్న బాబాయ్ ఫోన్ తెరిచేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోతుంది. లండన్‌లో అప్పుడు తెల్లవారుజామున 4.45, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం 3.45. ఈ మూడు వేళలూ చివరి కార్డు మీద, ఊరి పేరుతో, తేదీతో, కనీసం ఐదు సెకన్లు నిలవాలి.

తీసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. గదిలో మన చెవి పట్టించుకోని ఆ హోరు రికార్డింగులో తాతయ్య గొంతును మింగేస్తుంది. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే హక్కుల పేరుతో శబ్దం ఆగిపోవచ్చు. తెలిసిన సన్నాయి విద్వాంసుణ్ని అడిగి నిమిషంన్నర వాయింపు రికార్డు చేసుకుంటే ఆ బెడద ఉండదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గి చీటీల మీది అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది.

గ్రూపులో పెట్టే ముందు లండన్ పెదనాన్నకు, ఆ వరుసలోని పెద్దలందరికీ అమ్మానాన్నలు ఫోన్ చేసి కబురు చెప్పాలి. ఫలానా ఇంటి సంబంధం, ఫలానా రోజు తాంబూలాలు అని వాళ్ల నోట విన్నాక, ఆ సాయంత్రమే వీడియో పంపవచ్చు.