గోడ ఒకటే, రంగులు మూడు

విజయవాడలో మేముండే అపార్ట్‌మెంట్‌కు ఐదంతస్తులు, ముప్పై ఫ్లాట్లు. ముఖం ఉత్తరానికి. రంగు వేసి ఎనిమిదేళ్లు దాటడంతో సన్‌షేడ్ల కింద నల్లటి చారలు దిగాయి, పిట్టగోడ పెచ్చులూడుతోంది. ఎలివేషన్లు గీయడమే నా వృత్తి కాబట్టి, మూడు రంగుల్లో బొమ్మలు చేసి అందరికీ చూపించమని అసోసియేషన్ వాళ్లు నన్నడిగారు. బిల్డింగు నమూనా కంప్యూటర్లో ఒక్కసారి కడితే చాలు, రంగు మార్చి ఎన్ని బొమ్మలైనా తీయవచ్చు. ఒక్క సాయంత్రంలో మూడూ సిద్ధమయ్యాయి: గంధం రంగు, ఇటుక రంగు గోడలకు మీగడ రంగు బాల్కనీలు, పావురం బూడిద.

ఆ మొదటి మీటింగ్ దెబ్బతింది. తప్పు నాదే. బొమ్మలు చూపించాను కానీ, వాటి గురించి ఏం చెప్పాలో రాసుకోలేదు. బూడిద రంగు బొమ్మకు ఎందుకో సాయంత్రపు ఎండ పెట్టాను. గోడ మీద బంగారు కాంతి పరుచుకుంది. చూడగానే సగం మంది చేతులెత్తారు. అప్పుడు రెండో అంతస్తులోని రిటైర్డు లెక్కల మాస్టారు లేచి, "అమ్మాయ్, మన ముందు గోడ మీద ఆ ఎండ ఏ నెలలో పడుతుంది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి సూర్యుడి దారి వేసి చూశాను. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, ఉత్తరపు గోడ మీద నేరుగా ఎండ పడనే పడదు. వేసవిలో పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడుతుంది. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఉంటాడు. అంటే ఏడాదిలో సగం మా ముందు గోడ నీడలోనే ఉంటుంది. నీడలోని గోడకు వెలుగు ఆకాశం నుంచి వస్తుంది, ఆ వెలుగులో నీలం పాలు ఎక్కువ. అందులో పావురం బూడిద చల్లబడి సీసం రంగుకు తిరుగుతుంది. గంధం రంగు కాస్త వెలవెలబోతుంది కానీ దాని స్వభావం మారదు. జనం చేతులెత్తింది ఏడాదిలో కొన్నాళ్లు, ఆ రోజుల్లోనూ కొద్దిసేపే ఉండే గోడకు.

రెండో మీటింగ్‌కు ముందు ప్రసంగం మాట మాటా రాసుకున్నాను. ఇలా మొదలుపెట్టాను:

"అందరికీ నమస్కారం. ఈ మూడు బొమ్మల్లో కెమెరా ఒకే చోట ఉంది: ఎదుటి ఫుట్‌పాత్ మీద, మనిషి కంటి ఎత్తులో. నెల జనవరి, టైం పొద్దున పది. ముందు గోడ నీడలో ఉంది. చెట్లూ, కార్లూ, గ్రిల్సూ, ఏసీ పెట్టెలూ, నీళ్ల గొట్టాలూ మూడింట్లోనూ అవే. మారింది గోడ రంగొక్కటే. ఎక్కడైనా ఇంకేదైనా మారినట్టు కనిపిస్తే నన్ను అక్కడే ఆపండి."

ఈ చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. నేను కూడా మొదట కనిపెట్టలేని మార్పొకటి బొమ్మల్లో ఉంది. ఫోన్ కెమెరా చీకటిగా ఉన్నచోట తనంతట తాను వెలుగు పెంచుకుంటుంది కదా, బొమ్మలు తీసే సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆటో ఎక్స్‌పోజర్ అంటారు. గోడ ఎంత వెలుగును తిప్పికొడుతుందో చెప్పే అంకె ఎల్‌ఆర్‌వీ. నలుపుకు సున్నా, తెలుపుకు వంద. మా గంధం రంగుకు సుమారు 65, ఇటుక రంగుకు 20. బొమ్మలో ఇటుక రంగు గోడ రాగానే సాఫ్ట్‌వేర్ మొత్తం బొమ్మ వెలుగును పెంచేసింది. నిజంగా కడితే బరువుగా కనిపించే గోడ, తెర మీద గంధం రంగుకు సాటిగా తేలిపోయింది.

దీన్ని పట్టుకోవడానికి నిపుణులే అక్కర్లేదు. బొమ్మల్లో రోడ్డును చూడాలి. గోడకు రంగు మార్చితే రోడ్డు మారకూడదు. నా మొదటి బొమ్మల్లో ఇటుక రంగు బిల్డింగు ముందున్న తారురోడ్డు సిమెంటు రోడ్డులా తెల్లబడింది. ఎక్స్‌పోజర్‌ను ఒకే అంకె దగ్గర బిగించి మూడూ మళ్లీ తీశాను. ఈసారి రోడ్డు మూడింట్లోనూ ఒకటే. మీటింగ్‌లో పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి తేడా చూపించాను. ఎవరైనా మీకు రంగుల బొమ్మలు తెచ్చి చూపిస్తే ముందు రోడ్డునూ ఆకాశాన్నీ పోల్చి చూడండి. గోడ సంగతి తర్వాత.

ప్రసంగంలో తర్వాతి భాగం బొమ్మ చెప్పలేనివాటి గురించి. "ఈ తెర మీద కనిపించే రంగు పెయింటు రంగు కాదు. ప్రొజెక్టర్‌ది ఒక రంగు, ట్యూబ్‌లైటు వెలుగులో ఇంకో రంగు. వర్షాకాలం తర్వాత సన్‌షేడ్ల కింద చారలు దిగుతాయి, అవి బొమ్మలో లేవు. లేత రంగు మీద చారలు బాగా కనిపిస్తాయి. నేలకు ఆనుకున్న రెండడుగుల మీద బురద చిమ్ముతుంది కాబట్టి మూడింట్లోనూ అక్కడ ముదురు బూడిదే పెట్టాను. ఇటుక రంగు వెలిసిపోతుందని చాలామంది భయం. ఈ షేడ్‌లోని ఎరుపు ఇనుప ఆక్సైడుది, అది ఎండకు నిలుస్తుంది. త్వరగా వెలిసేవి మెరిసే గులాబీ, నిమ్మపండు పసుపు లాంటివి. కానీ పడమటి గోడకు ముదురు రంగు వేస్తే అది ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది, ఆ వైపు గదులవాళ్లు ఆలోచించుకోండి."

ఓటు ఆరోజు పెట్టలేదు. పెయింటర్‌ను పిలిచి ముందు గోడ మీద, పడమటి గోడ మీద మూడేసి చదరాలు వేయించాం. ఒక్కోటి నాలుగడుగులు. పాత రంగు మీద నేరుగా వేస్తే కింది రంగు పైకి తెలుస్తుంది కాబట్టి ముందు తెల్ల ప్రైమర్, దాని మీద రెండు కోట్లు. చుట్టూ జానెడు తెలుపు వదిలించాం, లేకపోతే పక్కనున్న మాసిన రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది. ఎమల్షన్ తడిమీద ఒకలా ఉంటుంది, ఆరితే సాధారణంగా కాస్త ముదురుతుంది. అందుకని మర్నాటి దాకా ఎవరూ అభిప్రాయం చెప్పొద్దన్నాం. తర్వాత వారమంతా పొద్దున పాలకు వెళ్తూ, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అందరూ ఆ చదరాల ముందు ఆగారు. షేడ్ కార్డు మీద గోరంత ముక్కలో మెత్తగా అనిపించిన గంధం రంగు నాలుగడుగుల మీద పసుపు కొట్టింది. దాంతో దాన్ని ఒక మెట్టు మందంగా, కాస్త బూడిద కలిసిన షేడ్‌కు దించాం. ఆ మార్పు ఏ బొమ్మలోనూ తెలిసేది కాదు.

ఆదివారం చీటీలు పంచాం. ఫ్లాటుకొక చీటీ. మొదటి ఇష్టం, రెండో ఇష్టం రాయాలి. ఇరవై ఎనిమిది చీటీలు వచ్చాయి: బూడిదకు 11, గంధానికి 10, ఇటుకకు 7. చేతులెత్తించి ఉంటే బూడిద గెలిచేది, కానీ పదిహేడు ఇళ్లవాళ్లకు అది మొదటి కోరిక కాదు. ఇటుక రంగును తప్పించి ఆ ఏడు చీటీల్లో రెండో ఇష్టం చూశాం. ఐదు గంధానికి, రెండు బూడిదకు. గంధం 15, బూడిద 13. అడిగినవాళ్లందరికీ చీటీలు చూపించాం. మాస్టారు మళ్లీ లెక్కపెట్టి తలూపారు.

మినిట్స్ పుస్తకంలో "గంధం రంగు" అని మాత్రం రాయలేదు. గోడకూ, బాల్కనీ అంచుకూ, కింది రెండడుగులకూ విడివిడిగా షేడ్ కోడ్, పెయింటు రకం, కోట్ల సంఖ్య రాశాం. డబ్బాలన్నీ ఒకే దుకాణంలో ఒకేరోజు కలిపించాలనీ, చదరంతో పోల్చి చూశాకే రెండో అంతస్తు మొదలుపెట్టాలనీ పెయింటర్‌తో సంతకం చేయించాం. పడమటి గోడ మీది మూడు చదరాలూ ఆ గోడ పని వచ్చేదాకా అలాగే ఉంచాం.