ముల్లు మొదట్లో ఏముంది?

కిందటి డిసెంబరులో విజయవాడ నుంచి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నడుమెత్తు మొక్క. మూడు అంచులు తేలిన నిటారు కాండం, ముదురాకుపచ్చ మీద పాలచారల్లాంటి లేత మచ్చలు, అంచుల పొడవునా ముళ్లు. "అన్నయ్యా, మా కాక్టస్ ఆకులన్నీ రాల్చేస్తోంది. అడుగున గోధుమరంగుకి తిరిగింది. కుళ్లిపోతోందంటావా?" అని కింద రాసింది. కొన్నప్పుడు కుండీకి కాక్టస్ అనే చీటీ అంటించి ఉందట.

జవాబు సగం ఆ ప్రశ్నలోనే ఉంది. ఇళ్లలో పెంచే కాక్టస్‌లలో చాలావాటికి రాల్చడానికి ఆకులే ఉండవు. నాగజెముడు జాతి మొక్కల లేత మట్టల మీద బుల్లి ఆకులు మొలుస్తాయి కానీ అవి కొద్దిరోజులకే ఊడిపోతాయి, చూసేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి ఆకులేసుకుంటూ, చలికాలం రాగానే రాల్చుకుంటూ ఉండే ముళ్ల స్తంభం ఎవరైనా చూపిస్తే నేను ముందు అనుమానించేది యుఫోర్బియానే.

ఈ తికమక మనవాళ్లకు పాతదే. తెలుగులో జెముడు అన్న ఒక్క మాటతో రెండు వేరువేరు కుటుంబాలను పిలిచేస్తాం. పాము పడగలాంటి మట్టలు ఒకదాని మీద ఒకటి లేచే నాగజెముడు కాక్టస్. కొన్నిచోట్ల దాన్నే బ్రహ్మజెముడు అంటారు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. పొలం గట్ల మీద కంచెగా పెరిగే బొంతజెముడు, ఆకుజెముడు, పెన్సిళ్లు గుత్తిగా గుచ్చినట్టుండే కాడజెముడు మాత్రం యుఫోర్బియాలు. గిల్లితే పాలు కారేవి ఇవే. మేకలు కాసే పిల్లాడికి కూడా ఈ తేడా తెలుసు, పేరులోనే అది కనిపించదు.

ఇక సక్యులెంట్ అనేది కుటుంబం పేరు కానే కాదు, ఒక అలవాటు పేరు. ఆకులోనో కాండంలోనో నీళ్లు దాచుకుని ఎండాకాలం గడిపే మొక్క ఏదైనా సక్యులెంటే. 'ఎగిరేవి' అనే మాటలో కాకీ, గబ్బిలమూ రెండూ పడ్డట్టు, ఇందులో కలబందా పడుతుంది, జేడ్ మొక్కా పడుతుంది, కాక్టస్‌లూ చాలా యుఫోర్బియాలూ పడతాయి. అందుకే "ఇది సక్యులెంటా, కాక్టసా?" అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. కాక్టస్‌లు పుట్టింది అమెరికా ఖండాల్లో. వాటిని పోలిన యుఫోర్బియాలు ఎక్కువగా ఆఫ్రికావి, కొన్ని మన దేశానివి. ఒకరి మొహం ఒకరు చూడకుండానే, ఎండను తట్టుకోవడానికి ఆకులు తగ్గించుకుని, కాండాన్ని లావు చేసుకుని, ముళ్లు తొడుక్కుని రెండూ ఒకే వేషానికి వచ్చాయి. కాబట్టి దూరం నుంచి చూసే ఆకారం నమ్మదగిన సాక్షి కాదు. కుండీలో స్తంభంలా నిలబడ్డది సీరియస్ అనే కాక్టస్ కావచ్చు, యుఫోర్బియా కావచ్చు.

నమ్మదగిన సాక్షి ముల్లు మొదలు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, ముల్లు మొనను వదిలేసి, అది కాండానికి అతుక్కున్న చోటు చూడాలి. కాక్టస్ అయితే అక్కడ చిన్న దూది ఉండ లాంటి, లేదా మాసిన కంబళి ముక్క లాంటి గుండ్రటి మెత్త కనిపిస్తుంది. దీన్నే ఏరియోల్ అంటారు. ఒక కొమ్మ ఎదగకుండా కుంచించుకుపోతే మిగిలిన బిందువు అది. ముళ్లు, పూలు, పిలకలు అన్నీ దానిలోంచే పుడతాయి. అందుకే కాక్టస్ ముళ్లు ఒకే చోటు నుంచి గుత్తిగా వస్తాయి: చుట్టూ కొన్ని నక్షత్రంలా పరుచుకుని, మధ్యలో ఒకటో రెండో పొడుగ్గా లేస్తాయి. ముల్లు లేని కాక్టస్‌కైనా ఈ మెత్త ఉంటుంది. కుందేలు చెవుల్లాంటి మట్టల మీద పసుపు చుక్కలు అద్దినట్టు అందంగా ఉండే కాక్టస్ చూసే ఉంటారు. ఆ చుక్క ఒక్కోటీ మెత్త నిండా కిక్కిరిసిన నూగు ముళ్లే. ముచ్చటపడి ముట్టుకుంటే వేళ్ల నుంచి లాక్కోవడానికి సాయంత్రం దాకా పడుతుంది.

యుఫోర్బియాకు ఆ మెత్త ఉండదు. మా చెల్లెలి ఫొటోలో ముళ్లు రెండేసి జంటలుగా, ఎద్దు కొమ్ముల్లా చెరోవైపు తిరిగి ఉన్నాయి. వాటి అడుగున దూది లేదు, ఎండిన పక్కు లాంటి గోధుమరంగు గట్టి మచ్చ ఉంది. ఆ జంటకు సరిగ్గా పైన ఆకు, లేదా ఆకు రాలిన గుర్తు. ఈ ముళ్లు ఆకు తొడిమకు రెండు పక్కలా పుట్టే భాగాలు ముళ్లుగా మారినవి, అందుకే జంటగా ఉంటాయి. జంట ముళ్లు, పక్కు మచ్చ, మధ్యన ఆకు: మూడూ కలిశాక ఇక నాకు సందేహం లేదు. యుఫోర్బియా ట్రైగోనా. ఆఫ్రికా పాలచెట్టు అనే పేరుతోనూ అమ్ముతుంటారు.

అయితే జంట ముళ్ల లెక్క ప్రతి యుఫోర్బియాకీ వర్తించదు. కొన్నింటికి ఒంటి ముళ్లే ఉంటాయి. అవి పూలు రాలిపోయాక గట్టిపడి మిగిలిన పూకాడలు. వాటిలోనూ దూది మెత్త ఉండదు కాబట్టి ముల్లు మొదలే మళ్లీ ఆదుకుంటుంది. ముల్లంటూ లేనప్పుడే అసలు చిక్కు. బంతిలా గుండ్రంగా, ఎనిమిది పక్కలతో ఉండే యుఫోర్బియా ఒబేసాను, అదే రూపంలో ఉండే ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ అనే కాక్టస్‌ను పక్కపక్కన పెడితే తెలిసినవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు. కాక్టస్ బంతి మీద ప్రతి పక్క నడిమీదా వరసగా తెల్లటి దూది బొట్లు ఉంటాయి. యుఫోర్బియా బంతి గట్ల మీద సూదితో కుట్లేసినట్టు సన్నటి గీతలు, గుర్తులు కనిపిస్తాయి. పూస్తే ఇంకా తేలిక. ఆస్ట్రోఫైటమ్ పువ్వు బోలెడు రేకులతో పసుపుపచ్చగా విచ్చుకుంటుంది. యుఫోర్బియాది నడినెత్తిన ఆవగింజంత మొగ్గలా ఉండి, పూసిందో లేదో కూడా తెలియదు.

కలబంద, కిత్తనార లాంటివాటితో ఇంత తంటా లేదు. వాటి ముళ్లు ఆకు అంచున రంపపు పళ్లలా ఉంటాయి, ఆకులో భాగమే. ఆకులే గుత్తిగా లేచి, ఆ ఆకులే లావుగా ఉంటే అది ఆకు సక్యులెంట్, మన పేచీలోకి రాదు.

ఇక పాలు. ఫొటోలో పాలు కనిపించవు, ఒక్కోసారి తప్ప: ముల్లు విరిగిన చోటో, దెబ్బ తగిలిన చోటో తెల్లగా కారి గట్టిపడిన చార ఉంటే అది మంచి ఆధారం. యుఫోర్బియాను ఎక్కడ గీరినా చిక్కటి తెల్లపాలు వస్తాయి, కాక్టస్‌లో సాధారణంగా నీళ్లలాంటి జిగురే ఉంటుంది. సాధారణంగా అని ఎందుకంటున్నానంటే, మామిల్లేరియా అనే బొడిపెల కాక్టస్‌లలో కొన్నింటికి పాలు కారతాయి. పాకీపోడియం అని మడగాస్కర్ మొక్క ఒకటుంది, నిండా ముళ్లు, తలమీద కొబ్బరాకుల్లా ఆకులు, కానీ అది కాక్టసూ కాదు, యుఫోర్బియా కూడా కాదు, గన్నేరు కుటుంబానిది. పాల పరీక్ష ఒక్కటే చేసి తీర్పు చెబితే ఇలాంటివాటి దగ్గర బోల్తా పడతాం. గుర్తుపట్టడం కోసం మొక్కను గీరమని నేనెవరికీ చెప్పను కూడా.

దానికి కారణం నా కళ్లే. చాలా ఏళ్ల కిందట మేడ మీద కాడజెముడు కొమ్మలు కత్తిరిస్తూ మణికట్టుతో చెమట తుడుచుకున్నాను. మొదట ఏమీ అనిపించలేదు. గంట తర్వాత కంట్లో కారం పోసినట్టయింది. రాత్రంతా దీపం వంక చూడలేకపోయాను, మర్నాడు కంటి డాక్టరు ముందు కూర్చున్నాను. ఆ పాలు కంటి నల్లగుడ్డును వాచేలా చేస్తాయి. కంట్లో పడితే మంట మొదలయ్యేదాకా ఆగకుండా, పావుగంటైనా ధారగా నీళ్లు పోసి కడిగి, ఆపైన డాక్టరు దగ్గరకు వెళ్లాలి. చర్మం మీద పడితే సబ్బుతో కడగాలి.

మా చెల్లెల్ని ఇంకో రెండు ఫొటోలు అడిగాను. ఒకటి ముల్లు మొదలుది, ఫోను మరీ ఆనించకుండా ఓ జానెడు దూరం నుంచి, వెలుతురు పక్క నుంచి పడేలా. నడినెత్తి నుంచి ఎండ పడితే దూది ఉందో లేదో తేలదు, మెరుపొక్కటే వస్తుంది. రెండోది కాండం అడుగుది. అడుగు గోధుమరంగు పొడిగా, బెరడులా ఉంది. "గోటితో నొక్కి చూడు, గీరొద్దు" అన్నాను. గట్టిగా ఉందంది. అది కుళ్లు కాదు, వయసొచ్చిన కాండానికి పట్టే బెరడు. మెత్తబడి, నల్లబడి, నీరు ఊరితేనే కుళ్లు. ఆకులు రాలింది చలికి, పొడి మట్టికి. తలలో లేత పచ్చ ఉన్నంతకాలం బెంగ లేదు, వేసవి ముఖంలో మళ్లీ వేస్తుంది.

తల కోసి ఇంకో కుండీలో పెట్టుకుంటానంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని పదునైన కత్తితో ఒక్క వేటున కొయ్యమన్నాను. కోత మీద నీళ్లు చిలకరిస్తే పాలు ఆగుతాయి. కోసిన ముక్కను నీడలో రెండు వారాలు ఆరనిచ్చి, అడుగు పక్కు కట్టాక, సగానికి సగం ముతక ఇసుక కలిపిన మట్టిలో నాటి, వేళ్లూనేదాకా చుక్కచుక్కే పొయ్యాలి. కాక్టస్ ముక్కకైనా ఇదే పద్ధతి, ఆ పాల జాగ్రత్త ఒక్కటే అదనం.

అంతా అయ్యాక ఇంకో కుండీ ఫొటో పెట్టింది. మూడంచుల ఆకుపచ్చ కాడ, దాని మీద ఎర్రటి బంతి. "మూడంచులు ఉన్నాయిగా, ఇదీ యుఫోర్బియానేనా?" పెద్దది చేసి చూస్తే కాడ అంచుల గంట్లలో ఒక్కో చోట చిన్న దూది మెత్త, అందులో రెండుమూడు పొట్టి ముళ్లు. కాక్టసే. రెండు కాక్టస్‌లను అంటుకట్టారు. పైన ఎర్ర బంతికి ఆకుపచ్చ రంగు లేదు, సొంతంగా తిండి చేసుకోలేదు, కింది కాడ మీద బతుకుతుంది. ఆ కాడ డ్రాగన్ ఫ్రూట్ మొక్కదని చెప్పాను.

"అయితే కాయలు కాస్తుందా అన్నయ్యా?"

బంతి చచ్చిపోయి, కాడ పిలకలు వేసి, పెద్ద తొట్టెలో పందిరి ఎక్కితే కాస్తుందన్నాను.