మట్టి గణపతి బుకింగ్: ప్రకటనలో ఉండవలసిన వివరాలు

మట్టి వినాయకుడి విగ్రహానికి బుకింగ్ గడువు మట్టి ఆరే వేగాన్ని బట్టి పడుతుంది. భాద్రపదం వానల నెల. గాలిలో తేమ ఎక్కువ, ఎండ నమ్మరానిది. వేసవిలో నాలుగైదు రోజుల్లో ఆరే మట్టి ఈ కాలంలో పది, పన్నెండు రోజులు తీసుకుంటుంది. అందుకే పూజా సామగ్రి కొట్లు చవితికి నెల ముందు నుంచే ప్రకటనలు వేస్తాయి. ఆ ప్రకటనల్లో చాలావాటిలో 'మట్టి విగ్రహాలకు ఆర్డర్లు తీసుకుంటాం' అన్న మాట, ఒక ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండవు. అది ఏ రకం మట్టి, ఎత్తు ఎంత, ఏ రోజు లోపు చెప్పాలి, పత్రి ఎప్పుడు వస్తుంది అన్నవి కొనేవారికి తెలియవు. ఆ వివరాలు నాలుగు వాక్యాల్లో రాయగలిగినవే.

ముందుగా పండుగ తేదీ. వినాయక చవితిని భాద్రపద శుద్ధ చవితి తిథి మధ్యాహ్న సమయంలో ఉన్న రోజున జరుపుతారు. 2026లో ఈ నియమం బాగా పనికొస్తుంది. ఆ ఏడాది చవితి సెప్టెంబరు 14 సోమవారం ఉదయం మొదలై, 15 మంగళవారం ఉదయం వరకు ఉంటుంది. క్యాలెండరులో సూర్యోదయ తిథి మాత్రమే చూసినవారికి 14న తదియ, 15న చవితి కనబడి పండుగ మంగళవారమేమో అనిపిస్తుంది. మధ్యాహ్నానికి చవితి ఉన్నది సోమవారమే కాబట్టి పండుగ 14న. ఇలాంటి ఏడాది ప్రకటనలో 'చవితికి రెండు రోజుల ముందు విగ్రహాలు ఇస్తాం' అని రాస్తే సగం మంది ఒక రోజు ఆలస్యంగా వస్తారు. తేదీతో పాటు వారం కూడా రాయడం మంచిది.

ఒక చిన్న పట్టణంలోని పూజా సామగ్రి కొట్టు 2026 చవితికి ప్రకటన వేస్తోందనుకుంటే, అది ఇలా ఉండవచ్చు:

"వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. పచ్చి మట్టి విగ్రహాలు, కాల్చినవి కావు. ఆరిన తర్వాత ఎత్తు 6, 9, 12 అంగుళాలు. రంగు లేనివి, నీళ్ల రంగులు వేసినవి రెండూ ఉన్నాయి. చెప్పి చేయించుకునే విగ్రహాలకు బుకింగ్ ఆగస్టు 13 గురువారం నుంచి 30 ఆదివారం వరకు. సగం అడ్వాన్సు. విగ్రహాలు ఇచ్చే రోజులు సెప్టెంబరు 12, 13. పత్రి 13 సాయంత్రం నాలుగు గంటల నుంచి. తీసుకెళ్లేటప్పుడు చూసుకోండి, పగులు కనబడితే మార్చి ఇస్తాం."

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన మాట 'కాల్చినవి కావు' అన్నది. మట్టి విగ్రహం అనగానే నీటిలో కరుగుతుందని అందరూ అనుకుంటారు. కుండలా ఆవంలో కాల్చిన బొమ్మ కూడా మట్టిదే, కానీ అది కరగదు. మట్టిని బాగా కాల్చినప్పుడు రేణువుల లోపల ఇమిడి ఉన్న నీరు కూడా పోయి, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ తర్వాత దాన్ని ఎన్నాళ్లు నానబెట్టినా మళ్లీ బురద కాదు. వందల ఏళ్ల నాటి కుండ పెంకులు నేలలో దొరుకుతున్నది అందుకే. ఎరుపు రంగు కాల్చిన విగ్రహాన్ని ఏటా దాచుకుని పూజించేవారికి ఇబ్బంది లేదు. బకెట్లో నిమజ్జనం చేయదలచినవారికి మాత్రం పచ్చి మట్టిదే కావాలి. ప్రకటన ఈ తేడా చెప్పకపోతే కొనేవారు అడగాలి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతి వేరు. జిప్సం రాయిని వేడి చేసి, అందులోని నీటిలో చాలా భాగం పోగొట్టి చేసిన పొడి అది. నీళ్లు కలపగానే ఆ నీటిని తిరిగి పట్టుకుని నిమిషాల్లో గట్టిపడుతుంది. అచ్చులో పోసి గంటలోపే బయటికి తీయవచ్చు, లోపల డొల్లగా ఉంటుంది కాబట్టి తేలిక, దూరాలకు పంపడం సులభం. వానల్లో ఆరబెట్టే బాధ లేకపోవడమే దానికి వ్యాపారంలో అంత బలాన్ని ఇచ్చింది. నీటిలో వేస్తే నెలల తరబడి ముక్కలుగా అడుగున పడి ఉంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో ఇచ్చిన సవరించిన మార్గదర్శకాలు ప్లాస్టర్ విగ్రహాలు, థర్మోకోల్ వద్దని, సహజమైన మట్టితో చేసి సహజ రంగులు వేయాలని చెప్పాయి. హైదరాబాదులో 1954 నుంచి కొలువుదీరుతున్న ఖైరతాబాద్ గణపతిని కూడా 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంగా నిలబెట్టారు.

కొట్లో నిలబడి తేడా తెలుసుకోవడానికి విగ్రహాన్ని నెమ్మదిగా వెనక్కి వంచి పీఠం అడుగు చూడాలి. అక్కడ తడివేలు పెట్టి రుద్దితే పచ్చి మట్టి మెత్తబడి వేలికి బురదలా అంటుతుంది. కాల్చిన మట్టి నీటిని పీల్చుకుంటుంది గాని వేలికి అంటదు. ప్లాస్టరు తెల్లగా సుద్దలా కనబడుతుంది, మెత్తబడదు; డొల్ల లోపల కొబ్బరి పీచు కనబడితే ఇక సందేహమే లేదు. అడుగున కూడా దట్టంగా రంగు పూసి ఉంటే ఈ పరీక్ష కుదరదు. అందుకే నిజాయితీగల అమ్మకందారు అడుగు భాగాన్ని రంగు వేయకుండా వదిలేస్తాడు.

ఎత్తు విషయంలో 'ఆరిన తర్వాత' అన్న మాటకూ కారణం ఉంది. తడి మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. పన్నెండు అంగుళాల అచ్చులో ఒత్తిన బొమ్మ ఆరేసరికి సుమారు అంగుళం తగ్గవచ్చు. ఇంట్లో పాలవెల్లి ఎత్తు, పీట వెడల్పు చూసుకుని విగ్రహం చెప్పుకునేవారికి ఈ అంగుళం లెక్కకు వస్తుంది.

గడువు ఆగస్టు 30 అని ఎందుకు పెట్టారో చూస్తే పని అంతా అర్థమవుతుంది. ఆ ఆదివారం ఒకరు పన్నెండు అంగుళాల విగ్రహం కావాలని చెబితే, మర్నాడు 31న రాళ్లు, వేళ్లు ఏరి, నానబెట్టి, బాగా మర్దించిన చెరువు మట్టిని అచ్చులో ఒత్తుతారు. అచ్చు విప్పాక చెవులు, తొండం సరిచేసి, వాటిపై తడిగుడ్డ కప్పి రెండు రోజులు ఉంచుతారు. పలుచని చెవులు తొందరగా ఆరతాయి, పొట్ట, పీఠం ఆలస్యంగా ఆరతాయి. ఒకే విగ్రహంలో ఒక చోట మట్టి కుంచించుకుపోయి, పక్కనే కుంచించుకోకపోతే ఆ అతుకు దగ్గర పగులు పడుతుంది. అన్నిటినీ ఒకే వేగంతో ఆరనివ్వడానికే తడిగుడ్డ. తర్వాత ఎనిమిది రోజులు నీడలో, గాలి తగిలే చోట. సెప్టెంబరు 10న చేత్తో తాకి చూస్తారు, సన్నని గీతలుంటే జారుడు మట్టితో పూడుస్తారు. 11న రంగు, 12న విగ్రహం చేతికి.

అదే విగ్రహాన్ని సెప్టెంబరు 8న చెబితే నాలుగు రోజులే మిగులుతాయి. మొహమాటపడి ఒప్పుకున్న కొట్టువారు ఎండలోనో, ఫ్యాను కిందో పెడతారు. పైపొర ఆరి బాగుందనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. దానిపై రంగు వేస్తే తడి బయటికి రావడానికి దారి లేక రంగు పొరలుగా లేస్తుంది. ఇంటికి తెచ్చి దీపాల పక్కన పెట్టాక తొండం మొదట్లోనో, చెయ్యి అతుకు దగ్గరో చీలిక వస్తుంది. భిన్నమైన విగ్రహానికి పూజ చేయరు కాబట్టి ఆ బాధ పండుగ పొద్దున కొన్నవారి మీద పడుతుంది. గడువు దాటాక 'చేయలేం, ఆరినవాటిలో ఎంచుకోండి' అనే కొట్టే నమ్మదగినది. ఆరని విగ్రహాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు: చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటుంది, పీఠం దగ్గర మట్టి పైభాగం కంటే ముదురు రంగులో కనబడుతుంది, అదే ఎత్తు ఉన్న మరొక దానికంటే బరువుగా తూగుతుంది.

తీసుకెళ్లేటప్పుడు చేతులు, తొండం పట్టుకోకుండా రెండు చేతులతో పీఠం కింద పట్టుకోవాలి. పీట వెంట తెచ్చుకోవడం పాత అలవాటు, మంచి అలవాటు కూడా. కళ్లకు గురివింద గింజలు అద్దిన విగ్రహాలు ఇప్పటికీ వస్తాయి. చూడటానికి ఎంత అందమో, నమిలితే ఆ గింజ అంత విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో రాలిన గింజలను వెంటనే ఏరేయాలి.

విగ్రహానికి ఎంత ముందు చెబితే అంత మంచిది. పత్రికి దీనికి పూర్తిగా విరుద్ధం. అందుకే ప్రకటనలో దానికి వేరే తేదీ ఉంది. ఏకవింశతి పత్ర పూజకు మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, దేవకాంచనం, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు కావాలి. గరిక, మరువం ఒక్క రాత్రికే వాడతాయి. 12న కోసినవి 14 పొద్దుటికి నల్లబడతాయి. 13 సాయంత్రం తెచ్చి, తడిగుడ్డలో వదులుగా చుట్టి ఉంచితే చాలు. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే ఉమ్మి, కుళ్లు వాసన వస్తుంది.

ఇరవై ఒక్క ఆకులూ ఇస్తామన్న ప్రకటనను కొంచెం ఆగి చదవాలి. దేవదారు హిమాలయాల చెట్టు, తెలుగు నేల మైదానాల్లో పెరగదు. మద్ది, వావిలి ప్రతి ఊళ్లోనూ దొరకవు. ఆ రోజు ఏదో ఒక కొమ్మ కలిపి లెక్క నింపే కట్టల కంటే, ఉన్న ఆకుల పేర్లు చీటీ మీద రాసి ఇచ్చిన కట్ట మేలు. దొరకని పత్రం చోట అక్షతలు వేసే అలవాటు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. చీటీ ఉంటే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఏవో పెద్దలకు తెలుస్తుంది. అవి విషపు మొక్కలు, పూజయ్యాక చేతులు కడుక్కోవాలి, పశువులకు ఆ పత్రి వేయకూడదు.

పసుపు, కుంకుమ, కర్పూరం, జంధ్యం, పత్తి వస్త్రం, వత్తులు, గొడుగు లాంటి కిట్టు సామాను చెడిపోదు, ఎప్పుడైనా కొనవచ్చు. పాలవెల్లి కర్రదైతే ఏటా వాడుకోవచ్చు.

ఉద్వాసన చెప్పాక పత్రి, పూలు, వస్త్రం తీసేసి, విగ్రహం మునిగేంత నీళ్లున్న బకెట్లో పెడతారు. ఇక్కడ మట్టి గుణం ఒకటి కనబడుతుంది. పూర్తిగా ఆరిన మట్టి నీటిని వేగంగా లోపలికి పీల్చుకుని, బుడగలు వదులుతూ పొరలు పొరలుగా విడిపోతుంది. లోపల తడి మిగిలిన మట్టి అంత త్వరగా విడిపోదు, ముద్దలా ఉండిపోతుంది. ఆగస్టులో చెప్పి నీడలో ఆరిన ఆరంగుళాల విగ్రహం రాత్రి బకెట్లో పెడితే తెల్లారేసరికి అడుగున మెత్తని మట్టిగా పేరుకుంటుంది. పైనీళ్లు వంచేసి, ఆ మట్టిని తులసికోటలోనో, పెరట్లో చెట్టు మొదట్లోనో పోయవచ్చు.