ఒకే ఇంట్లో రెండు కుక్కలు కలబడితే

పెంచుకున్న రెండు కుక్కలు ఒకదాని మీద ఒకటి పడగానే ఇంట్లోవాళ్ల చెయ్యి మొదట పోయేది మెడపట్టీ మీదికే. కరిపించుకునేదీ ఎక్కువగా అక్కడే. పోట్లాటలో ఉన్న కుక్క తన మెడ దగ్గర తగిలింది ఎవరి చెయ్యో చూసుకోదు. వెనక నుంచి ఇంకో కుక్క పట్టుకుందనుకుని తల తిప్పి కొరుకుతుంది. ఏళ్ల తరబడి ఒడిలో పెరిగిన కుక్క అయినా అంతే. కాబట్టి రెండు తలల మధ్యకు చెయ్యి గానీ కాలు గానీ మొహం గానీ పోకూడదు. పిల్లలుంటే ముందు వాళ్లను గదిలోకి పంపి తలుపు వెయ్యాలి. కేకలు పెట్టడం, చెప్పుతోనో కర్రతోనో కొట్టడం వల్ల పోట్లాట ఆగదు సరికదా, ఆ దెబ్బ కూడా ఎదుటి కుక్కే వేసిందనుకుని పట్టు ఇంకా బిగిస్తాయి.

దూరం నుంచి చేయగలిగినవి మొదట చెయ్యాలి. దగ్గర్లో బకెట్ ఉంటే నీళ్లు మూతుల మీద ఒక్కసారిగా కుమ్మరించాలి. స్టీలు పళ్లాన్ని గరిటెతో గట్టిగా మోగించవచ్చు, గేటు బెల్లు కొట్టవచ్చు. మందపాటి దుప్పటి రెండింటి మీదా విసిరితే కనపడక కొన్ని వదిలేస్తాయి. ప్లాస్టిక్ కుర్చీనో అట్టపెట్టెనో మధ్యలోకి తోయవచ్చు. వీటిలో ఏది పనిచేసినా మూడు నాలుగు సెకన్లలోనే చేస్తుంది. చేయకపోతే దాన్నే పట్టుకుని ఉండకుండా తర్వాతిదానికి వెళ్లాలి. ఇళ్లలో జరిగే పోట్లాటల్లో చాలా వరకు అరుపులూ చొంగా తప్ప పెద్ద గాయం ఉండదు, ఇక్కడితోనే విడిపోతాయి. కానీ విడిపోయిన ఆ క్షణంలోనే వాటి మధ్య ఒక తలుపు పడాలి. ఊపిరి తీసుకుందామని మనం ఆగితే ఆ లోపే రెండోసారి కలబడతాయి, అది మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది.

అవి విడిపోకపోతే, ఇద్దరు పెద్దవాళ్లుంటే, వెనక కాళ్ల పద్ధతి ఉంది. ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనక్కి చేరి, ఒకే సమయంలో వెనక కాళ్లను తొడల దగ్గర, ఒంటికి అతుక్కునే చోట పట్టుకుని పైకెత్తాలి. పాదాల దగ్గర పట్టుకుంటే కీళ్లు దెబ్బతింటాయి. ఎత్తాక వెనక్కి నడవాలి, అదీ తిన్నగా కాకుండా వంపు తిరుగుతూ. అలా తిరుగుతున్నంతసేపు కుక్క పడిపోకుండా ముందు కాళ్లను పక్కకు వేసుకుంటూ రావాల్సిందే, వెనక్కి వంగి మన చేతిని అందుకునే వీలు దానికి దొరకదు. మనం ఆగితే మాత్రం దొరుకుతుంది. అందుకే ఆగకుండా గదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసేందుకు సిద్ధమయ్యాకే వదలాలి. ఒక కుక్కనే పట్టుకుని లాగడం మాత్రం చాలా ప్రమాదం. పట్టుబడ్డది తప్పించుకోలేదు, రెండోది దాని మీదికి వస్తుంది.

ఇంట్లో ఒక్కరే ఉంటే నడకకు వాడే పట్టీ ఆ రెండో మనిషి పని చేస్తుంది. ఎక్కువగా మీద పడుతున్న కుక్క నడుము చుట్టూ, వెనక కాళ్లకు ముందు భాగంలో, పట్టీని తిప్పి, దాని కొసను చేతిపిడి ఉచ్చులోంచి దూర్చి బిగించాలి. ఆ కొసను కిటికీ ఊచకో గేటుకో కట్టేయాలి. ఆ తర్వాత రెండో కుక్కను వెనక కాళ్లతో ఎత్తి ఇంకో గదిలోకి తీసుకుపోవాలి. ఇందుకోసమే రెండు కుక్కలున్న ఇంట్లో పట్టీని బీరువాలో కాకుండా తలుపు పక్క మేకుకు వేలాడదీయాలంటాను.

ఒక కుక్క పళ్లు దించి వదలకుండా ఉంటే మాత్రం లాగకూడదు. లాగితే పళ్ల మధ్య ఉన్న చర్మం, కండ చీలిపోతాయి. కొరికిన కుక్క తల విదిలించకుండా దాన్ని కదలనీయకుండా పట్టుకోవడమే అప్పటికి ముఖ్యం. అది పట్టు సడలించిన క్షణంలో వెనక్కి తీయాలి. మెడపట్టీని మెడ పైభాగాన మెలిపెట్టి ఊపిరి బిగిస్తే కాసేపటికి నోరు తెరుస్తుంది. కానీ రెండో కుక్క నోరు ఖాళీగానే ఉంటుంది, అది చేతిని అందుకోవచ్చు. ప్రాణం పోతుందనిపించినప్పుడు, వేరే దారి లేనప్పుడు చేసే పని ఇది. పళ్ల వెనక చీలిక కర్ర పెట్టి నోరు తెరిపించడం అలవాటున్నవాళ్లకే వదిలేయాలి.

విడిపోయాక రెండింటినీ ఒకదానికొకటి కనపడకుండా ఉంచాలి. వెంటనే దగ్గరికి తెచ్చి రాజీ చేయించాలనుకోవడం రెండో పోట్లాటకు పిలుపే. వాటి ఒళ్లు చల్లబడటానికి గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఒంటి మీది వెంట్రుకలను వేళ్లతో విడదీస్తూ మెడ, చెవుల వెనక, చంకలు, తొడలు వెతకాలి. కోర దిగిన గాయం పైకి చిన్న రంధ్రమే, లోపల కండ నలిగిపోయి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో చీము పడుతుంది. ఏ రంధ్రం కనపడినా ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించాలి. పెద్ద కుక్క చిన్నదాన్ని పట్టి విదిలిస్తే పైన గాయమే లేకపోయినా చూపించాల్సిందే. చిగుళ్లు పాలిపోయినా, ఊపిరి ఎగపోస్తున్నా క్షణం ఆగకూడదు.

మనిషికి పన్ను గీసుకున్నా సరే, సబ్బుతో, ధార నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీ పొడి పెట్టకూడదు. ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాల్సి ఉంటుంది.

అసలు ఎందుకు కొట్టుకుంటాయి? అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పశువైద్యులు ఒకే ఇంట్లో కలబడే 38 కుక్కల జంటలను గమనించి 2011లో వివరాలు ప్రచురించారు. వాటిలో 30 జంటలు ఒకే లింగానివి, ఆడకుక్కలున్న జంటలే ఎక్కువ. రేపినవి తిండి, యజమాని దగ్గర చోటు, ఎవరైనా వచ్చినప్పటి ఉద్రేకం. మన ఇళ్లలోనూ కనపడేవి ఇవే.

ఒక ఇల్లు అనుకుందాం. ఆరేళ్ల లాబ్రడార్, రెండేళ్ల నాటు కుక్క, రెండూ ఆడవే. చిన్నది పిల్లగా ఉన్నప్పుడు పెద్దది అన్నీ భరించింది. చిన్నదానికి ఏడాదిన్నర దాటాక మూడుసార్లు కలబడ్డాయి. ఇంట్లోవాళ్లు ఒక నోటుపుస్తకంలో ప్రతిసారీ ఎక్కడ, ఎన్ని గంటలకు, అంతకు ముందు ఏం జరిగింది అని రాసి చూస్తే మూడుసార్లూ చోటు ఒకటే: వీధి తలుపు దగ్గరి ఇరుకు నడవ. సమయమూ ఒకటే, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటాయన వచ్చేటప్పుడు. రెండూ ఆయన కాళ్ల దగ్గరికి ఒకేసారి తోసుకుని వస్తాయి. పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది, పెద్దది లేచేటప్పుడు వెనక కాలు కుంటుతోందని. డాక్టరు ఎక్స్‌రే తీసి తుంటి కీలు అరిగిందన్నాడు. చిన్నది మీదికి దూకినప్పుడల్లా ఆ కీలు కలుక్కుమంటోంది, పెద్దది నొప్పితో కసురుతోంది. ఈ నొప్పికి మందు మొదలుపెట్టకుండా ఎంత శిక్షణ ఇచ్చినా నిలవదు. ఎదకొచ్చిన రోజుల్లో గొడవలు పెరుగుతుంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి కూడా డాక్టరుతో మాట్లాడాలి. అయితే మగవాటిలో ఉన్నంత గుణం ఆడవాటి మధ్య గొడవల్లో ఆపరేషన్‌తో రాకపోవచ్చు.

ఇప్పుడు ఆ ఇంట్లో సాయంత్రం ఎలా మారాలి? ఇంటాయన రావడానికి పది నిమిషాల ముందే చిన్నదాన్ని పిల్లల కోసం గుమ్మానికి బిగించే అడ్డుగేటు వెనక ఉంచాలి. ఆయన పెద్దదాన్ని ముందు పలకరించి, దాన్ని వేరే గదిలో పడుకోబెట్టాక, చిన్నదాని దగ్గరికి వెళ్లాలి. తిండి వేర్వేరు గదుల్లో తలుపులు వేసి పెట్టాలి, ఎముకలు, బొమ్మలు రెండూ కలిసి ఉన్నప్పుడు నేల మీద ఉండకూడదు. ఏది కావాలన్నా, అంటే తిండికైనా, తలుపు తీయడానికైనా, ముందు కూర్చోమని చెప్పి కూర్చున్నాకే ఇవ్వాలి. టఫ్ట్స్ వైద్యులు చేయించిన పనుల్లో ఇదీ ఒకటి. ఎవరికి ముందు అన్న పట్టింపుకంటే ప్రతిరోజూ ఒకే వరస ఉండటం కుక్కను ఎక్కువ నెమ్మదిస్తుందని నా అభిప్రాయం.

మళ్లీ కలిపే పని వీధిలో మొదలవ్వాలి. ఇద్దరు మనుషులు, రెండు పట్టీలు, రోడ్డు ఆ పక్కనొకటి ఈ పక్కనొకటిగా ఒకే దిక్కుకు నడవాలి. ఒకదాన్నొకటి గుచ్చి చూడకుండా నడిచే రోజుల్లో కొంచెం కొంచెం దగ్గరకు రావాలి. ఈలోగా ఇంట్లో మూతికి బుట్టలాంటి చిక్కం అలవాటు చెయ్యాలి. లోపల పెరుగు రాసి దానంతట అదే మూతి పెట్టేలా వారం పది రోజులు నేర్పితే భయపడదు. దానిలోంచి కుక్క నోరు తెరిచి ఒగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించే గుడ్డ పట్టీ ఎండకాలంలో ప్రాణాంతకం. తర్వాత ఇంట్లో, ఎవరూ రాని నిశ్శబ్దమైన వేళ, చిక్కాలతో ఐదు నిమిషాలు. బాగా జరిగితే మరుసటి రోజు కాస్త ఎక్కువ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండూ కలిసి ఉండకూడదు, ఏడాదిగా గొడవ లేకపోయినా సరే.

అవి కలిసి ఉన్నప్పుడు మనం చూడాల్సింది మొరగడం కంటే బిగుసుకుపోవడం. నోరు మూసుకుని, తోక నిటారుగా, కళ్ల తెల్లభాగం కనపడేలా పక్కచూపుతో ఒక కుక్క కదలకుండా నిలబడితే పోట్లాటకు ఒకటి రెండు సెకన్లే మిగిలింది. అప్పుడు అరవకుండా, పేరు పెట్టి హుషారుగా పిలిచి ఉడికిన కోడిమాంసం ముక్క ఇవ్వాలి. ఆ పిలుపుకు పరుగెత్తుకు రావడం గొడవలేని రోజుల్లో వందసార్లు అలవాటు చేసి ఉంటేనే ఆ క్షణంలో వస్తుంది. గుర్రుమన్నందుకు మాత్రం తిట్టకూడదు. తిట్టిన కుక్క గుర్రుమనడం మానేసి నేరుగా కొరకడం నేర్చుకుంటుంది.

ఇన్ని చేసినా కొన్ని జంటలు కుదరవు. ప్రతిసారీ గాయాలు లోతవుతున్నా, ఒకటి రెండోదానికంటే బాగా పెద్దదైనా, ముందు సూచనేమీ లేకుండా మీద పడుతున్నా, ఇంట్లో పాకే బిడ్డ ఉన్నా రెండు దారులే. జీవితాంతం వేర్వేరు గదులు, వేర్వేరు వేళలు. లేదంటే ఒకదానికి వేరే ఇల్లు. ఇంకో కుక్క లేని ఇంట్లో హాయిగా ఉండగలిగేదాన్నే పంపాలి. ఎన్నిసార్లు కలబడింది, ఎక్కడ, దేనికోసం, గాయం ఎంత లోతు అన్నదంతా తీసుకునేవాళ్లకు ఆ నోటుపుస్తకం చేతికిచ్చి మరీ చెప్పాలి.