ఒకే మోడ్‌కు హద్దు ఎక్కడ?

ఫైబర్ మధ్యలో కాంతి నడిచే సన్నని గాజు భాగం కోర్. అందులో కాంతి ఎన్ని తీరుల్లో, అంటే ఎన్ని మోడ్‌లలో, సాగగలదో ఒక్క సంఖ్య తేల్చేస్తుంది. అదే సాధారణీకృత పౌనఃపున్యం:

V = 2πa·NA/λ

a కోర్ వ్యాసార్ధం, λ కాంతి తరంగదైర్ఘ్యం. ఫైబర్ ఎంత వెడల్పు కోణంలో వచ్చే కాంతిని పట్టుకోగలదో NA చెబుతుంది. కోర్ అంతటా ఒకే రకం గాజు ఉంటే, V విలువ 2.405 కన్నా తక్కువైనప్పుడు ఒక్క మోడే నిలుస్తుంది. ఆ హద్దు దాటితే రెండోదీ బయల్దేరుతుంది. రెండింటి వేగాలూ వేరు కనుక పంపిన పల్స్ దారిలోనే సాగిపోయి పక్కదానితో కలిసిపోతుంది.

కోర్ వ్యాసార్ధం 4.1 మైక్రాన్లు, NA 0.12 అనుకుందాం. 1310 నానోమీటర్ల కాంతికి V 2.36; ఒకే మోడ్. అదే ఫైబర్‌లో 850 నానోమీటర్ల కాంతి పంపితే 3.64, ఇక అది సింగిల్ మోడ్ కాదు. V సరిగ్గా 2.405 అయ్యేది దాదాపు 1285 దగ్గర. అదే కటాఫ్ తరంగదైర్ఘ్యం.

అయితే లెక్కలో వచ్చిన కటాఫ్ కేబుల్‌లో అలాగే ఉండదు, సాధారణంగా తగ్గుతుంది. హద్దు దగ్గర రెండో మోడ్‌ను కోర్ గట్టిగా పట్టుకోలేదు. వంపుల్లో అది బయటికి జారిపోతుంది. అందుకే కటాఫ్‌ను కొలిచి చూడాలి. ఫైబర్‌ను చిన్న చుట్ట చుట్టి, తరంగదైర్ఘ్యం పెంచుతూ పోతే, చుట్ట వల్ల కలిగే అదనపు నష్టం మాయమయ్యే చోటే అసలు కటాఫ్.