బ్యానర్ ఆపాలా, వేయాలా?

రాజమండ్రిలో ఒక పచ్చళ్ల వ్యాపారి హైదరాబాద్‌లోని చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థతో ఆర్డర్ యాప్ చేయించుకుంటున్నారనుకుందాం. సెప్టెంబర్ 18న యాప్ చేతికి రావాలి. ఆ తేదీని నమ్ముకుని ఆయన దసరా బ్యానర్లు ప్రింటుకు ఇవ్వబోతున్నారు. 11న పొద్దున్నే తెలిసింది, 18కి పని కాదని.

యాప్‌లోకి వెళ్లాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి. మన దేశంలో వ్యాపార సంస్థలు ఇష్టం వచ్చినట్టు ఎస్సెమ్మెస్‌లు పంపడానికి లేదు. ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థ పేరును, పంపే సందేశం నమూనాను టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో ముందే నమోదు చేయించాలి. నమోదైన నమూనాతో సరిపోలని సందేశం దారిలోనే ఆగిపోతుంది. మన కథలో, నమూనాలో షాపు పేరు లేదని దరఖాస్తు తిరిగొచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది పంపే మెయిల్ ఇది: ‘కొన్ని సాంకేతిక కారణాల వల్ల పని కాస్త ఆలస్యమవుతోంది. వీలైనంత త్వరగా పూర్తి చేస్తాం. సహకరించగలరు.’ మర్యాదకు లోటు లేదు. కానీ ఇది చదివాక బ్యానర్ ఆపాలో, వేయాలో ఆ వ్యాపారికి తెలియదు. ఆయన మెయిల్ తెరిచేది మన కష్టం వినడానికి కాదు, తను ఏం చేయాలో తేల్చుకోవడానికి.

కారణం రెండు మూడు వాక్యాల్లో, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇక్కడో చిక్కుంది. నమోదు షాపు పేరు మీదే జరగాలి కాబట్టి పత్రాలు వ్యాపారి ఇవ్వాలి. ఆయన మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చారు. ‘మీరే లేటు చేశారు’ అని రాయాలనిపిస్తుంది. అయితే ఆ పత్రాలు మొదటి వారంలోనే అడగాల్సింది, అడగలేదు. పైగా నమూనాలో తప్పు సంస్థదే. దరఖాస్తు తిరిగి రావడానికి ఆ మూడు రోజులు కారణం కాదు కాబట్టి వాటి ఊసు అక్కర్లేదు.

కొత్త తేదీ ధైర్యంతో చెప్పేది కాదు, లెక్కతో వచ్చేది. సరిచేసిన నమూనా 12న వెళ్తుంది. గత అనుభవాన్ని బట్టి ఆమోదానికి 19 వరకు గడువు ఉంచుకోవాలి. అన్ని నెట్‌వర్కుల్లో ఓటీపీ వస్తోందో లేదో చూడటానికి మూడు రోజులు, షాపు సిబ్బంది వాడి చూడటానికి రెండు రోజులు, చేతిలో ఒక రోజు. అలా 26 తేలుతుంది. క్లయింటు కోప్పడతాడని 22 అని రాస్తే, ఆ రోజు ఇలాంటి మెయిలే మళ్లీ రాయాలి. మొదటి వాయిదాను సర్దుకునేవారు కూడా రెండోదాన్ని నమ్మరు.

పోయిన రోజుల్ని రాబట్టుకునే చర్యలు అసలు కారణానికి తగలాలి. ‘ఇంకో ఇద్దరు ప్రోగ్రామర్లను పెడుతున్నాం’ అంటే వినడానికి బాగుంటుంది, కానీ ఆమోదం టెలికాం కంపెనీ చేతిలో ఉంది. ఆగింది ఓటీపీ ఒక్కటే. కాబట్టి మిగతా యాప్‌ను ముందే ఇచ్చేసి, తర్వాత జరగాల్సిన పరీక్షను ఇప్పుడే జరిపించడం నిజంగా పనికొచ్చే చర్య.

ముందు ఫోన్ చేసి చెప్పడం మన దగ్గర మర్యాద. అయితే ఫోన్‌లో విన్న తేదీలు గుర్తుండవు. అందుకే గంటలోపే మెయిల్ వెళ్లాలి. సబ్జెక్టు లైన్‌లోనే తేదీ ఉండాలి:

ఆర్డర్ యాప్: 18న కాదు, సెప్టెంబర్ 26న ఇస్తాం

నమస్కారం సార్,

ఇందాక ఫోన్‌లో చెప్పినట్టు, యాప్ 18న కాకుండా 26న ఇస్తాం. బ్యానర్ మీద 26కు ముందు తేదీ వేయించవద్దు.

కారణం: ఓటీపీ సందేశం నమూనాలో షాపు పేరు పెట్టకపోవడంతో దరఖాస్తు తిరిగొచ్చింది. ఆ తప్పు మాది. క్షమించండి.

సరిచేసిన నమూనా రేపు పంపుతున్నాం. 19లోపు ఆమోదం వస్తుందని లెక్క వేశాం. ఆ తర్వాత ఓటీపీ పరీక్ష 20 నుంచి 22 వరకు. 23, 24 తేదీల్లో మీవాళ్లు వాడి చూడొచ్చు.

ఈలోగా 18నే మిగతా యాప్ మొత్తం మీ సిబ్బంది ఫోన్లలో పెడతాం. ఓటీపీ బదులు తాత్కాలిక కోడ్‌తో తెరుచుకుంటుంది. ధరలు, బిల్లులు సరిచూడండి.

మీ వైపు నుంచి కావలసింది ఒక్కటే: వాడి చూసే ఐదుగురి నంబర్లు 16లోపు పంపండి.

19 సాయంత్రానికి ఆమోదం రాకపోతే 26 కూడా మారుతుంది. వచ్చినా రాకపోయినా ఆ రోజు ఆరు గంటలకు మెయిల్ చేస్తాం.

చివరి వాక్యమే అన్నిటికన్నా బరువైంది. 19న ఆమోదం వచ్చేసినా, ఆరు గంటలకు ఆ మెయిల్ వెళ్లాల్సిందే. వెళ్లకపోతే ఆయన ఆ రాత్రి ప్రింటింగ్ ప్రెస్‌కు ఫోన్ చేసి బ్యానర్ ఆపించేస్తారు.