అత్యవసర అధికరణలు.. ఒకే పట్టికలో

పాలిటీలో అత్యవసర అధికారాల పాఠం చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్షలో ‘పార్లమెంటు ఆమోదం ఎన్నాళ్లలోగా?’ అనడిగి, ఒక నెల, రెండు నెలలు అని ఆప్షన్లిస్తే అక్కడ తడబడతాం. మూడు రకాల అత్యవసర పరిస్థితులనూ విడివిడిగా చదవడమే దీనికి కారణం. పక్కపక్కన పెట్టి చూడండి.

పెన్ను పట్టే ముందు ఒకటి తేల్చుకోండి. మూడింటికీ ఒకటే అయినది పట్టికలోకి రానక్కర్లేదు. ప్రకటించేది రాష్ట్రపతే, ఆమోదించాల్సింది ఉభయ సభలే. ఇది పైన ఒక్క వాక్యంగా రాస్తే చాలు. గళ్లలోకి తేడాలే రావాలి.

| అంశం | 352 జాతీయ | 356 రాష్ట్రపతి పాలన | 360 ఆర్థిక |
|---|---|---|---|
| కారణం | యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు | రాష్ట్రంలో రాజ్యాంగబద్ధ పాలన సాగకపోవడం | ఆర్థిక స్థిరత్వం లేదా పరపతికి ముప్పు |
| ఆమోద గడువు | 1 నెల | 2 నెలలు | 2 నెలలు |
| మెజారిటీ | ప్రత్యేక | సాధారణ | సాధారణ |
| కొనసాగింపు | 6 నెలలకోసారి ఆమోదం, గరిష్ఠ పరిమితి లేదు | 6 నెలలకోసారి ఆమోదం, గరిష్ఠం 3 ఏళ్లు | రద్దు చేసే వరకు |
| విధించినది | 1962, 1971, 1975 | ఆంధ్రప్రదేశ్‌లో 1973, 2014 | ఎప్పుడూ లేదు |

352 గడిలోని ‘1 నెల’ చుట్టూ సున్నా చుట్టండి. మొదట్లో ఇక్కడా రెండు నెలలే ఉండేది. 1978లో 44వ సవరణ దాన్ని నెలకు తగ్గించింది. ‘అంతర్గత కల్లోలం’ స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చిందీ అదే సవరణతోనే. 1975 అనుభవం తర్వాత వచ్చిన మార్పులివి అని తెలిస్తే, రెండూ కలిసే గుర్తుంటాయి.

మరి 358, 359 ఎక్కడ? వాటికి ఒక వరుస ఇస్తే 356, 360 గళ్లు ఖాళీగా మిగులుతాయి. అలా మిగిలాయంటే అది పట్టికలో ఇమిడే విషయం కాదన్నమాట. కింద రెండు వాక్యాల్లో రాసుకోండి: యుద్ధం, విదేశీ దురాక్రమణ కారణంగా విధించినప్పుడే 19వ అధికరణ దానంతటదే నిలిచిపోతుంది (358). మిగతా హక్కుల అమలును ఆపాలంటే రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి, 20, 21 అధికరణలను మాత్రం ఆపలేరు (359).

356లో ఏడాది దాటి కొనసాగించే షరతులూ కిందికే. దేశంలోనో, ఆ రాష్ట్రంలోనో జాతీయ అత్యవసర పరిస్థితి అమల్లో ఉండాలి, ఎన్నికలు జరపడం కష్టమని ఎన్నికల సంఘం ధ్రువీకరించాలి. ‘రెండూ’ అన్న మాట తప్పక రాయండి. దాన్ని ‘ఏదో ఒకటి’గా మార్చి తప్పుదోవ పట్టించే స్టేట్‌మెంట్ తయారు చేయడం చాలా తేలిక.

రెండు రోజులాగి ఖాళీ గళ్లు గీసి నింపండి. నిలువుగా కాదు, అడ్డంగా. నిలువుగా నింపితే పాఠం అప్పజెప్పినట్టు చేయి దానంతటదే రాసుకుపోతుంది. అడ్డంగా అయితే 352 దగ్గర ‘1’ రాసి, పక్క గడికి రాగానే ఆలోచించక తప్పదు. అక్కడ పెన్ను ఆగిందంటే ఆ వరుసకు ఎర్ర గీత పెట్టి, మర్నాడు అదొక్కటే మళ్లీ రాయండి.